‘ఫీవర్’ అని మొదలుపెడితే పారాసిటమాలే వస్తుంది

ప్రశ్న: అక్కా, నేను బెంగళూరులో ఒక ప్రైవేట్ హాస్పిటల్ యూరాలజీ వార్డులో స్టాఫ్ నర్సుని. మాది కదిరి. చేరి పది నెలలైంది. పోయిన వారం నైట్‌లో 54 ఏళ్ల పేషెంట్ ఒకాయన ఉన్నారు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే కిడ్నీ స్టోన్‌కి యూఆర్‌ఎస్‌ఎల్ చేసి స్టెంట్ వేశారు. రాత్రి 10 గంటలకి బీపీ 140/86, పల్స్ 88, అన్నీ నార్మల్. ఒంటిగంటకి చలితో వణికారు. 2:40కి టెంపరేచర్ 101.4, పల్స్ 118, బీపీ 98/60, సాచురేషన్ 93, ఊపిరి లెక్క ఆర్‌ఆర్ 20. హిందూపురం ఆయన, తెలుగులో ‘బస్సొచ్చిందా’ అని అడుగుతున్నారు, నిద్రమత్తు అనుకున్నా. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి ‘సార్, 312 పేషెంట్‌కి ఫీవర్, చిల్స్ కూడా ఉన్నాయి’ అని మొదలుపెట్టాను. మిగతావి చెప్పేలోపే ‘ఐవీ పారాసిటమాల్ ఇవ్వు, పొద్దున చూస్తా’ అని పెట్టేశారు. ఆరింటికి బీపీ 80కి పడిపోయింది, ఐసీయూకి మార్చారు. ఇప్పుడు కోలుకుంటున్నారు. కానీ కన్సల్టెంట్ ‘రాత్రే ఎందుకు చెప్పలేదు’ అన్నారు. ఇన్‌చార్జ్ సిస్టర్ ‘ఎస్‌బార్ నేర్చుకో’ అంటోంది. కాలేజీలో చదివిందే, ఫోన్ పట్టుకుంటే ఒక్కటీ గుర్తురాదు. ఇంగ్లిష్ టెన్షన్ వేరే. అసలు ఏం చెప్పాలి? మళ్ళీ అలాగే పెట్టేస్తే ఏం చేయాలి?

సమాధానం: చెల్లీ, నువ్వు చెప్పలేదని కాదు, చెప్పావు. కానీ నీ దగ్గర ఉన్న వార్తల్లో అన్నిటికంటే చిన్నదాన్ని ముందు పెట్టావు. రెండున్నరకి నిద్రలోంచి లేచిన మనిషి చెవిన పడే మొదటి ముక్క ‘ఫీవర్’ అయితే, ఆయన నోట్లోంచి వచ్చే మొదటి ముక్క పారాసిటమాలే అవుతుంది. ఆ తర్వాత నువ్వు బీపీ 98 అన్నా, అది జ్వరం కథలో ఒక వివరంగానే వినపడుతుంది. ఆయన చేసింది సరే అని నేను అనడం లేదు. ఆయన సంగతి ఆయన సీనియర్లు చూసుకుంటారు. నీ చేతిలో ఉన్నది నీ మొదటి వాక్యం, అందుకే దాని గురించి మాట్లాడుకుందాం.

ఫోన్ ఎత్తే ముందు రెండు నిమిషాలు మంచం దగ్గర గడపాలి. ఎస్‌బార్ అంటే సిట్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమెండేషన్ అని మాటల్ని వరసలో పెట్టే పద్ధతి. మనం వేసే అంకె తప్పైతే ఆ తప్పునే అది చక్కగా, వరసగా చేరవేస్తుంది. నీ ఉత్తరంలో ఆర్‌ఆర్ 20 అని ఉంది. కోప్పడకు, నిజంగా లెక్కపెట్టావా? దేశంలో ఏ వార్డు చార్ట్ తెరిచినా పైనుంచి కిందదాకా 20, 20, 20 అనే ఉంటుంది. నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను. వణుకుతూ, 118 పల్స్‌తో, సాచురేషన్ 93 ఉన్న మనిషి నిమిషానికి 20 సార్లే ఊపిరి తీసుకుంటున్నారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. పల్స్ చూస్తున్నట్టు చేయి పట్టుకుని, కళ్ళు ఛాతీ మీద పెట్టి, గడియారంలో నిండా 60 సెకన్లు లెక్కపెట్టు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్క ఊపిరి తేడా వచ్చినా చివర్లో నాలుగు తేడా వస్తుంది. మనిషి దిగజారుతున్నాడని అందరికంటే ముందు చెప్పే అంకెల్లో ఇదొకటి, మనం ఊహించి రాసేదీ ఇదే.

ఇంకా రెండు చూడాలి. ఒకటి యూరిన్ బ్యాగ్. గత మూడు గంటల్లో ఎంత వచ్చింది? 70 కిలోల మనిషికి గంటకు కనీసం 35 ఎంఎల్ రావాలి, అంటే కిలోకి అర ఎంఎల్ చొప్పున. బ్యాగ్‌లో మూడు గంటలకి 60 మాత్రమే ఉంటే, కేథెటర్ ట్యూబ్ మడతపడిందేమో, రక్తం గడ్డ అడ్డుపడిందేమో ముందు చూడు. యూరాలజీ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే. రెండోది జీఆర్‌బీఎస్, అంటే వేలికి గుచ్చి చూసే షుగర్. షుగర్ పేషెంట్ తేడాగా మాట్లాడుతున్నాడంటే, షుగర్ పడిపోలేదని తేల్చుకున్నాకే మిగతా కారణాలు.

ఇప్పుడు ఆ బస్సు సంగతి. నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం అదే, నువ్వు డాక్టర్‌కి చెప్పకుండా వదిలేసిందీ అదే. పగలంతా మామూలుగా మాట్లాడిన మనిషి అర్ధరాత్రి హాస్పిటల్ మంచం మీద పడుకుని బస్సు కోసం ఎదురుచూస్తున్నాడంటే అది నిద్రమత్తు కాకపోవచ్చు. పేరు, ఊరు, ఇప్పుడు ఎక్కడున్నారు అని మూడు ప్రశ్నలు అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కొత్తగా వచ్చిన తికమక అంటే మెదడుకి రక్తమో, ఆక్సిజనో సరిగా అందడం లేదనే అనుమానించాలి. పైగా ఆ వార్డులో ఆ రాత్రి ఈ విషయం పట్టుకోగలిగింది నువ్వొక్కదానివే. పక్కనున్న మలయాళీ సిస్టర్‌కో, హిందీ డాక్టర్‌కో ‘బస్సొచ్చిందా’ అంటే నీళ్ళడుగుతున్నారనిపిస్తుంది. తెలుగు పేషెంట్ తెలుగులో తికమకపడుతున్నాడని ఇంగ్లిష్‌లో చెప్పాల్సింది నువ్వే.

మీ హాస్పిటల్లో న్యూస్ స్కోర్ వాడతారో లేదో నువ్వు రాయలేదు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన లెక్క అది, ఒక్కో వైటల్‌కి పాయింట్లు వేసి కలుపుతారు. మన దగ్గరా కొన్ని హాస్పిటల్స్ దీన్నో, దీనిలాంటి ఇంకో లెక్కనో వాడతాయి. నీ అంకెలు దాంట్లో వేసి చూశాను. 10 గంటలకి స్కోరు సున్నా. 2:40కి సాచురేషన్ 93కి రెండు, పై బీపీ 98కి రెండు, పల్స్ 118కి రెండు, టెంపరేచర్‌కి ఒకటి, మొత్తం ఏడు. ఏడు వచ్చినా, దాటినా ఎమర్జెన్సీ, సీనియర్ డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి. ఆర్‌ఆర్ 20కి సున్నా వేసినా ఏడు వచ్చిందని గమనించు. బస్సు మాటకి మూడు కలిపితే పది. లెక్కపెట్టి చూస్తే ఊపిరి 26 ఉందనుకో, ఇంకో మూడు, పదమూడు. ఫోన్‌లో మాత్రం వినపడింది ‘ఫీవర్’. ఆ టెంపరేచర్‌కి వచ్చింది ఒక్క పాయింటే! ఈ లెక్క పదహారేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి పనికిరాదు. పేషెంట్ బీటా బ్లాకర్ మీద ఉంటే పల్స్ పెరగాల్సినంత పెరగదు. కాబట్టి స్కోరు తక్కువుందని నిశ్చింతగా ఉండకు. ఎక్కువుంటే మాత్రం ఊరుకోకు.

ఇక ఫోన్. ఎస్‌బార్ పద్ధతి అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడిన మాట తీరు నుంచి వచ్చింది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో కొలరాడోలో కైజర్ పర్మనెంటే వాళ్ళు హాస్పిటల్‌కి తెచ్చారు. సముద్రం అడుగున కథలు చెప్పడానికి టైముండదు కదా, మనకీ అంతే. నీ పేషెంట్ మీదే కట్టి చూపిస్తాను. ఉత్తరంలో లేనివి కొన్ని నేను ఊహించి వేస్తున్నాను: బరువు 70 కిలోలు, ఆర్‌ఆర్ 26, మూడు గంటల యూరిన్ 60, జీఆర్‌బీఎస్ 212, రాత్రి 8కి సెఫ్‌ట్రయాక్సోన్, 9కి బీపీ మాత్ర. నువ్వు ఇంగ్లిష్‌లోనే చెప్తావు, విషయం అర్థం కావడానికి ఇక్కడ తెలుగులో రాస్తున్నా.

సిట్యుయేషన్: ‘సార్, యూరాలజీ వార్డు నుంచి స్టాఫ్ నర్సుని. 312, ఈ మధ్యాహ్నం యూఆర్‌ఎస్‌ఎల్ అయిన పేషెంట్. బీపీ 140 నుంచి 98కి పడింది, ఊపిరి 26, కొత్తగా కన్‌ఫ్యూజన్ వచ్చింది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలని కాల్ చేస్తున్నాను.’

ఇది పదిహేను సెకన్లు. ఫీవర్ అనే మాట ఇందులో లేదు చూడు. కావాలనే తీసేశాను, తర్వాత వస్తుంది. ఎందుకు ఫోన్ చేశావో మొదటి ఊపిరిలోనే చెప్పేశావు కాబట్టి, ఆయన ఇక్కడే ఫోన్ పెట్టేసినా అసలు విషయం చెవిన పడే ఉంటుంది. పేషెంట్ పేరు, ఐపీ నంబర్ కూడా చెప్పు. ఒకే రాత్రి రెండు యూఆర్‌ఎస్‌ఎల్ పేషెంట్లు ఉండటం మీ వార్డులో వింతేమీ కాదు. ఇంకోటి, బీపీ ఎప్పుడూ ఒక్క అంకెగా చెప్పకు, ఎంతనుంచి ఎంతకు వచ్చిందో చెప్పు. నేను కొత్తలో ఒక పెద్దావిడ గురించి ‘బీపీ 104/70’ అని ఫోన్ చేస్తే, ‘బాగానే ఉందిగా’ అని పెట్టేశారు. ఆవిడకి మామూలుగా ఉండేది 170. ఆ ముక్క నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. తెల్లారేసరికి ఆవిడ వెంటిలేటర్ మీద ఉంది. 98 అయినా అంతే. బీపీ లేని సన్నటి అమ్మాయికి అది మామూలు, నీ పేషెంట్‌కి కాదు.

బ్యాక్‌గ్రౌండ్: ‘54 ఏళ్లు, 70 కిలోలు, షుగర్, బీపీ ఉన్నాయి. యూఆర్‌ఎస్‌ఎల్, డీజే స్టెంట్, కేథెటర్ ఉంది. సెఫ్‌ట్రయాక్సోన్ రాత్రి 8కి ఇచ్చాం. బీపీ మాత్ర 9కి వేశాం. అలర్జీలు లేవు. ఆపరేషన్‌కి ముందు పంపిన యూరిన్ కల్చర్ రిపోర్ట్ ఇంకా రాలేదు.’

కొత్తవాళ్ళందరూ మునిగిపోయేది ఇక్కడే. స్టోన్ ఎన్ని మిల్లీమీటర్లు, ఎప్పుడు అడ్మిట్ అయ్యారు, ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చిందా అంటూ కేస్ షీట్ మొదటి పేజీ నుంచి చదువుతారు. ఈ రాత్రి నిర్ణయాన్ని మార్చే ముక్కలే చెప్పాలి. షుగర్ ఉన్నందుకు ఇన్‌ఫెక్షన్ ముదిరే ప్రమాదం ఎక్కువ. బీపీ మాత్ర వేసిన సంగతి చెప్తే, దానివల్లే బీపీ పడిందా అన్న ప్రశ్నకి నువ్వు ముందే జవాబు ఇచ్చినట్టు: బీపీ మాత్ర చలి, వణుకు, 26 ఊపిరి తెప్పించదు. కల్చర్ రిపోర్ట్ రాలేదంటే, ఇస్తున్న యాంటీబయాటిక్ పనిచేస్తోందో లేదో ఎవరికీ తెలియదన్నమాట.

అసెస్‌మెంట్: ‘10 గంటలకి అన్నీ నార్మల్. 1కి చలి వణుకు. ఇప్పుడు టెంపరేచర్ 101.4, పల్స్ 118, సాచురేషన్ రూమ్ ఎయిర్‌లో 93. మూడు గంటల్లో యూరిన్ 60 ఎంఎల్, ట్యూబ్ మడతపడలేదు. జీఆర్‌బీఎస్ 212. సాయంత్రం బాగా మాట్లాడారు, ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పలేకపోతున్నారు. న్యూస్ 13. నాకు సెప్సిస్ అనిపిస్తోంది.’

ఆ చివరి వాక్యం దగ్గర మన గొంతు ఆగిపోతుంది. ‘డయాగ్నోసిస్ చేయడం నర్సు పని కాదు’ అని కాలేజీలో నూరిపోస్తారు కదా. ఇక్కడ నువ్వు డయాగ్నోసిస్ రాయడం లేదు, నీకు ఏం అనుమానమో చెప్తున్నావు. రాయి లోపల, దాని వెనక నిలిచిన యూరిన్‌లో బ్యాక్టీరియా దాక్కుని ఉంటుంది. స్కోప్ పెట్టి రాయిని పగలగొట్టేటప్పుడు నీళ్ళు ప్రెషర్‌తో కొడతారు, దాంతో అది రక్తంలోకి వెళ్ళొచ్చు. అందుకే యూఆర్‌ఎస్‌ఎల్ అయిన మొదటి కొన్ని గంటల్లో చలి వణుకు వస్తే యూరాలజీ వార్డులో ఎవరైనా ఉలిక్కిపడాలి. నీకు అంత నమ్మకం కలగకపోతే ‘ఏమిటో నాకు తెలియడం లేదు సార్, కానీ పేషెంట్ దిగజారుతున్నారు’ అను. అసెస్‌మెంట్‌గా అది చాలు. ‘సమ్‌థింగ్ ఈజ్ నాట్ రైట్’ అనే నసుగుడు మాత్రం చాలదు, దాని వెనక అంకె ఉండాలి.

రికమెండేషన్: ‘పదిహేను నిమిషాల్లో వచ్చి చూడండి సార్. ఈలోపు ఆక్సిజన్ పెట్టాను. బ్లడ్ కల్చర్లు, లాక్టేట్, సీబీసీ, క్రియాటినిన్ పంపనా? ఫ్లూయిడ్ బోలస్ ఎంత ఇవ్వమంటారు? యాంటీబయాటిక్ మారుస్తారా? ఐసీయూలో బెడ్ అడిగి పెట్టనా?’

నీ ఫోన్‌లో అస్సలు లేని భాగం ఇది. నువ్వు సమాచారం ఇచ్చావు, అడగాల్సింది అడగలేదు. అడగకపోతే అవతలి మనిషి తనకి తేలికైన పని ఎంచుకుంటాడు, అది మనిషి స్వభావం. ‘ప్లీజ్ సీ ద పేషెంట్’ అంటే ఎప్పుడో తెలియదు. ‘పదిహేను నిమిషాల్లో’ అంటే వస్తాననో, రాననో ఆయన చెప్పి తీరాలి. ఏ ఫ్లూయిడ్, ఎంత అన్నది ఆయన నిర్ణయం. కానీ సెప్సిస్‌లో బీపీ పడితే మొదటి మూడు గంటల్లో కిలోకి 30 ఎంఎల్ అని గైడ్‌లైన్ ఉంది. అంటే ఈయనకి సుమారు రెండు లీటర్లు. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఇది మారుతుంది. ఈ లెక్క తెలిస్తే, ‘100 ఎంఎల్ స్లోగా ఇవ్వు’ అన్నప్పుడు మళ్ళీ అడగాలని నీకు తడుతుంది. కల్చర్ యాంటీబయాటిక్ కంటే ముందు తీయాలి, కానీ దానికోసం యాంటీబయాటిక్ ఆలస్యం చేయకూడదు. అందుకే ఫోన్ అయ్యేలోపు కల్చర్ బాటిల్స్ ట్రేలో పెట్టమని పక్క సిస్టర్‌కి చెప్పు. ఇంకో కాన్యులా పెట్టగలిగితే పెట్టు. బీపీ ఇంకా పడ్డాక నరం దొరకదు.

ఆయన ఆర్డర్ చెప్పగానే కాగితం మీద రాసి, తిరిగి చదివి వినిపించు. ఫోన్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినపడతాయి. ‘వన్ ఫైవ్, ఫైవ్ జీరో’ అని అంకె అంకెగా పలుకు. చివర్లో ఒక్క ప్రశ్న: ‘ఎంతసేపటికోసారి చూడమంటారు, ఏ నంబర్ దగ్గర మళ్ళీ కాల్ చేయాలి?’ దీనికి జవాబు రాయించుకున్నావంటే, రెండో కాల్‌కి నువ్వు భయపడనక్కర్లేదు, ఆయనే చేయమన్నారు.

ఇంగ్లిష్ గురించి. వ్యాకరణం ఎవరూ చూడరు. అంకెలు ఎలాగూ ఇంగ్లిష్‌లోనే చెప్తావు. నీకు నిజంగా కావాల్సినవి రెండే వాక్యాలు: ‘హీ ఈజ్ గెటింగ్ వర్స్’, ‘ఐ నీడ్ యూ టు కమ్ అండ్ సీ హిమ్ నౌ’. గ్లౌజ్ బాక్స్ అట్ట ముక్క మీద ఎస్, బి, ఏ, ఆర్ అని నిలువుగా రాసి, పక్కన అంకెలు నింపుకుని, అది చూస్తూ చదువు. ఇరవై రెండేళ్లుగా బెంగళూరు వార్డుల్లో ఉన్నాను, ఇప్పటికీ చీటీ లేకుండా రాత్రి ఫోన్ చేయను. ఫోన్ చేసేది మంచం పక్కనుంచే చెయ్యి, లేదా పేషెంట్ దగ్గర ఎవరినైనా నిలబెట్టి చెయ్యి. మొబైల్ ఉన్నది అందుకే.

మళ్ళీ ‘పారాసిటమాల్ ఇవ్వు’ అంటే? ఒక్కసారి, గొంతు పెంచకుండా, ‘సార్, నా కన్సర్న్ ఫీవర్ కాదు. బీపీ 98, ఊపిరి 26, కన్‌ఫ్యూజన్. పొద్దున దాకా ఆగడం సేఫ్ కాదనిపిస్తోంది’ అను. అప్పటికీ రానంటే, ‘సరే సార్, అయితే నేను నైట్ సూపర్‌వైజర్‌కి, రిజిస్ట్రార్‌కి చెప్తున్నాను’ అని చెప్పి, నిజంగానే చెప్పు. ఇది ఫిర్యాదు చేయడం కాదు, ఒకరు రాకపోతే తర్వాత ఎవరికి చెప్పాలన్న ఎస్కలేషన్ వరస చాలా హాస్పిటల్స్‌లో రాసి ఉంటుంది. మీది ఎక్కడుందో రేపు డ్యూటీలో వెతికి, ఐసీయూ డాక్టర్ నంబర్‌తో సహా ఫోన్‌లో సేవ్ చేసుకో. పై బీపీ 90కి దిగినా, పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా ఎస్‌బార్ ఆలోచనే వద్దు, రాపిడ్ రెస్పాన్స్ గానీ కోడ్ గానీ నొక్కు. వివరాలు వాళ్ళు పరిగెత్తుకొచ్చాక చెప్పొచ్చు.

పారాసిటమాల్ ఇవ్వడంలో తప్పు లేదు, కానీ అది ఒక తెర వేస్తుంది. మూడున్నరకి టెంపరేచర్ 99 అవుతుంది, వణుకు ఆగుతుంది, పల్స్ కూడా కాస్త దిగొచ్చు. పేషెంట్ పడుకుంటాడు, అటెండర్ పడుకుంటాడు, మనమూ ‘హమ్మయ్య’ అనుకుని ఆరింటి వైటల్స్ దాకా ఆ గదివైపు వెళ్ళం. ఆ మూడు గంటల్లోనే 98 కాస్తా 80 అయ్యుంటుంది. పైగా ఐవీ పారాసిటమాల్ కొందరిలో బీపీని ఇంకొంచెం దించుతుంది. జ్వరం దిగాక కూడా పదిహేను నిమిషాలకోసారి బీపీ, ఊపిరి చూడు. ప్రశాంతంగా పడుకున్నాడనిపిస్తే లేపి పేరు అడుగు.

కాల్ అయిన వెంటనే నోట్స్‌లో టైము, ఎవరితో మాట్లాడావు, ఏ అంకెలు చెప్పావు, ఏం ఆర్డర్ ఇచ్చారు, తిరిగి చదివి వినిపించావు అని నాలుగు లైన్లు రాయి. ఫోన్ ఆర్డర్ మీద ఆ డాక్టర్ సంతకం ఎంతసేపట్లో పెట్టించాలో మీ పాలసీలో ఉంటుంది, అది చూసుకో.

పోయిన వారం సంగతి మీద మీటింగ్ పెడతారు, పెట్టాలి కూడా. అప్పటిలోపు ఆ పాత చార్ట్ ముట్టుకోకు. 20ని 26 చేయాలనీ, ‘డాక్టర్‌కి అన్నీ చెప్పాను’ అని మధ్యలో ఇరికించాలనీ ఎవరైనా సలహా ఇస్తే వినకు. రాయాల్సింది ఏమైనా మిగిలిపోతే ఇవాళ్టి తేదీ, టైము వేసి లేట్ ఎంట్రీగా రాయి. ఆర్‌ఆర్ లెక్కపెట్టలేదని అడిగితే లెక్కపెట్టలేదనే చెప్పు. ‘బస్సొచ్చిందా’ అన్న మాట కూడా ఆ ఎంట్రీలో తెలుగులో ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన ఇంగ్లిష్‌లో అర్థం రాయి.